బ్యాంక్ ఫీడ్, మా పుస్తకాలు కలవట్లేదు: క్లియర్ కాని చెక్కులు తీసేశాక కూడా 12,680 తేడా

పద్దు | సోమవారం, ఉదయం 10:40

నమస్తే అండి. ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసుకోవడానికి చేరి రెండు నెలలు దాటింది. నెలాఖరు బ్యాంక్ రీకన్సిలియేషన్ నా పనే. ముందు నెలది ఒక్క అంకె తేడా లేకుండా కలిసింది. ఈ నెలది మూడు రోజులుగా కూర్చున్నా కలవట్లేదు. నా లెక్క ఇలా ఉంది:

31న బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో నిల్వ 9,87,300
మేం జమ చేశాం, బ్యాంకులో ఇంకా పడలేదు, కాబట్టి కలిపాను 38,200
మేం ఇచ్చిన 11 చెక్కులు ఇంకా బ్యాంకుకు రాలేదు, కాబట్టి తీసేశాను 1,96,450
అంటే బ్యాంక్ వైపు తేలింది 8,29,050

మా పుస్తకాల్లో 31న నిల్వ 8,42,615
బ్యాంక్ చార్జీలు ఇంకా ఎక్కించలేదు, తీసేశాను 885
అంటే పుస్తకాల వైపు తేలింది 8,41,730

తేడా 12,680. పుస్తకాల్లోనే ఎక్కువ ఉంది.

ఫీడ్‌లో వచ్చిన లైన్లన్నీ సాఫ్ట్‌వేర్‌లో మ్యాచ్ అయిపోయాయి. పచ్చ టిక్కు లేని లైను ఒక్కటీ లేదు. క్లియర్ కాని చెక్కుల లిస్టు మాత్రం నేను ఎక్సెల్‌లో పెట్టుకుంటున్నాను. ముందు నెల లిస్టు తీసుకుని, క్లియర్ అయినవి కొట్టేసి, కొత్తవి కింద చేరుస్తాను. 12,680 కోసం రెండు వైపులా వెతికాను, ఆ అంకె ఎక్కడా లేదు. నెలకు నాలుగు వందల దాకా చెల్లింపులు ఉంటాయి. అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలా?

తొమ్మిదోఎక్కం | సోమవారం, ఉదయం 11:15

అన్నీ చూడక్కర్లేదండి. నేను చేసేది చెబుతాను. తేడాను ముందు 9తో భాగిస్తాను. భాగం పోతే అంకెలు తారుమారుగా కొట్టి ఉంటారు, 54 బదులు 45 లాగా. మీ 12,680 అంకెలు కూడితే 17 వస్తుంది, 9తో పోదు. కాబట్టి అంకెల తారుమారు లేదని తేలిపోయింది, దాన్ని మర్చిపోండి.

ఇక రెండోది, తేడాలో సగం. చెల్లింపును జమగా కొడితే తేడా సరిగ్గా రెట్టింపు వస్తుంది. మీ సగం 6,340. పుస్తకాల్లో 6,340 ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే అదే మీ దొంగ.

వసూళ్లు | సోమవారం, మధ్యాహ్నం 12:02

అవుట్‌స్టాండింగ్ ఎక్కువ ఉన్నప్పుడు మేం పార్టీలకు ఫోన్లు చేసి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తీసుకుంటాం. 30 రోజులు దాటినవి, 60 దాటినవి విడివిడిగా పెట్టుకోండి. సగం తేడాలు అక్కడే తేలిపోతాయి. మా దగ్గర ఒక కస్టమర్ నాలుగు నెలల బాకీని ఒకేసారి కట్టి, ఏ బిల్లుకు ఎంతో చెప్పలేదు. అది తేల్చడానికే వారం పట్టింది.

పద్దు | సోమవారం, మధ్యాహ్నం 12:30

వసూళ్లు గారూ, నేను అడిగింది కస్టమర్ల బాకీల గురించి కాదండి. మేం సప్లయర్లకు రాసిచ్చిన చెక్కులు, బ్యాంకుకు ఇంకా రానివి. అయినా చెప్పినందుకు థాంక్స్.

తొమ్మిదోఎక్కం గారూ, 6,340 దొరికింది! 19వ తేదీన ఒక సప్లయర్‌కు 6,340 చెల్లింపు ఉంది. ఇది ఎంట్రీ తిప్పికొట్టేస్తే సరిపోతుందా? ఇంత తేలిగ్గా దొరుకుతుందనుకోలేదు.

నిదానం | సోమవారం, మధ్యాహ్నం 12:41

పద్దు గారూ, ఆ ఎంట్రీని ముట్టుకోకండి. ముందు దిశ చూసుకోండి.

మీ పుస్తకాల్లో డబ్బు ఎక్కువ కనిపిస్తోంది. చెల్లింపును పొరపాటున జమగా కొడితేనే పుస్తకాల్లో ఎక్కువ వస్తుంది. అలాంటప్పుడు 6,340 జమల వైపు దొరకాలి. మీకు దొరికింది చెల్లింపుల వైపు. దాన్ని తిప్పితే పుస్తకాల నిల్వ ఇంకో 12,680 పెరిగి తేడా 25,360 అవుతుంది. వోచర్ తీసి చూడండి, అది మామూలు చెల్లింపే అయి ఉంటుంది. నెలకు నాలుగు వందల ఎంట్రీలున్న చోట ఏ అంకె వెతికినా ఏదో ఒకటి తగులుతుంది.

ఇంకో మాట. మీరంతా 12,680 అనే అంకెను వెతుకుతున్నారు. తప్పు ఒక్కటే ఉందని ముందే అనుకుంటేనే ఆ వెతుకులాటకు అర్థం ఉంటుంది. రెండు తప్పులుంటే మీకు కనిపించేది వాటి మొత్తమో, ఒకదాంట్లోంచి ఒకటి పోగా మిగిలిందో. ఆ అంకెతో ఎక్కడా ఎంట్రీ ఉండదు. 9 పరీక్ష కూడా అంతే. 9,000 తారుమారు తప్పుకు తోడు 3,680 ఇంకో తప్పు కలిస్తే మొత్తం 9తో పోదు, అయినా తారుమారు జరిగే ఉంటుంది.

రెండు చిన్న పనులు చేసి చెప్పండి. రెండూ కలిపి పావుగంట.

ఒకటి. ముందు నెల మీరు కలిపి సంతకం పెట్టిన రీకన్సిలియేషన్ కాగితం మీద పుస్తకాల ముగింపు నిల్వ ఎంతుంది? ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో అదే తేదీకి లెడ్జర్ తీస్తే ఎంత చూపిస్తోంది?

రెండు. బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో ఈ నెల మొత్తం జమలు, మొత్తం చెల్లింపులు ఉంటాయి. ఫీడ్‌ను ఎక్సెల్‌లోకి తీసి అవే మొత్తాలు వస్తున్నాయో లేదో చూడండి. A కాలమ్‌లో తేదీ, C కాలమ్‌లో జమ, F1లో నెల మొదటి తేదీ, F2లో చివరి తేదీ పెట్టుకుంటే:

```
=SUMIFS(C:C,A:A,">="&F1,A:A,"<="&F2)
```

పచ్చ టిక్కులను నమ్మొద్దు. ఫీడ్‌లోకి వచ్చిన లైనుకే టిక్కు పడుతుంది. రాని లైను గురించి, తప్పు తేదీతో వచ్చిన లైను గురించి టిక్కు ఏమీ చెప్పదు.

గల్లాపెట్టె | సోమవారం, మధ్యాహ్నం 1:20

ఒక మాట చెప్పనా. మీ బ్యాంక్ నిల్వ దాదాపు పది లక్షలు. 12,680 అందులో ఒకటిన్నర శాతం కూడా లేదు. సస్పెన్స్ ఖాతాలో పెట్టి నెల క్లోజ్ చేయండి. వచ్చే నెల ఫీడ్ వచ్చాక దానంతట అదే తేలుతుంది. మూడు రోజుల జీతం ఇప్పటికే దీని మీద పోయింది. నేను ఇరవై ఏళ్లుగా క్యాష్ చూస్తున్నాను, టైమింగ్ తేడాలు చాలావరకు వచ్చే నెలకు సర్దుకుంటాయి.

నిదానం | సోమవారం, మధ్యాహ్నం 1:48

గల్లాపెట్టె గారూ, టైమింగ్ తేడా అయితే మీరన్నట్టే సర్దుకుంటుంది. కానీ టైమింగ్ తేడాకు పేరుంటుంది: ఫలానా చెక్కు, ఫలానా డిపాజిట్ అని చూపించగలం. పేరు లేనిది టైమింగ్ తేడా అని మనకెలా తెలుసు?

నాకు భయం 12,680 గురించి కాదు. అది రెండు లక్షల తప్పు ఒకటి, ఎదురుగా 1,87,320 తప్పు ఇంకొకటి కలిసి మిగిలిందై ఉండొచ్చు. మిగులు చిన్నదైనంత మాత్రాన లోపలి తప్పులు చిన్నవని కాదు. తేడా ఎక్కడిదో తేలాక, ఇంకా చిన్న మొత్తమేదైనా మిగిలితే సస్పెన్స్‌లో పెట్టండి, అప్పుడు నేనూ కాదనను.

పద్దు | సోమవారం, మధ్యాహ్నం 3:35

నిదానం గారూ, 6,340 వోచర్ చూశాను. మీరన్నట్టే మామూలు చెల్లింపు, బిల్లు కూడా జతచేసి ఉంది. తిప్పకుండా ఆపినందుకు చాలా థాంక్స్.

ఇక మొదటి పని. ముందు నెల కాగితం మీద పుస్తకాల నిల్వ 6,46,100. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో అదే తేదీకి తీస్తే 6,64,060 చూపిస్తోంది! 17,960 ఎక్కువ. క్లోజ్ చేసిన నెల మారిపోవడం ఏంటండీ? పైగా నా తేడా 12,680 అయితే ఇక్కడే 17,960 ఉంది. టెన్షన్‌గా ఉంది, ఉన్నదానికన్నా ఎక్కువైంది.

రెండో పని ఇంకా చేస్తున్నాను. ఫీడ్ ఎక్సెల్‌లో తేదీలు కొన్ని టెక్స్ట్‌గా వచ్చాయి, సరిచేస్తున్నాను.

నిదానం | సోమవారం, సాయంత్రం 4:10

టెన్షన్ పడకండి, ఇది మంచి కబురు. 17,960 మీ 12,680 కన్నా పెద్దది కాబట్టి, ఎదురు దిశలో 5,280 ఇంకెక్కడో ఉండి తీరాలి. ఇప్పుడు వెతకాల్సింది 12,680 కాదు. 5,280. ఎక్కడ వెతకాలో కూడా తెలుసుకుందాం.

మీరు ఇప్పటిదాకా ముగింపు నిల్వలను మాత్రమే పోల్చారు. ఒక కాగితం తీసుకుని నాలుగు కాలమ్‌లు గీయండి: ప్రారంభ నిల్వ, నెలలో జమలు, నెలలో చెల్లింపులు, ముగింపు నిల్వ. ప్రతి కాలమ్‌లోనూ బ్యాంక్ అంకెను సవరించి పుస్తకాల అంకెతో పోల్చాలి.

ప్రారంభ నిల్వకు సవరణ ముందు నెలాఖరున పడని జమలు, క్లియర్ కాని చెక్కులు. జమల కాలమ్‌లో, బ్యాంక్ ఈ నెల చూపించిన జమల్లోంచి ముందు నెల చివరన దారిలో ఉన్నవి తీసేయాలి, ఎందుకంటే పుస్తకాల్లో అవి ముందు నెలవి. ఈ నెల చివరన దారిలో ఉన్నవి కలపాలి, ఎందుకంటే పుస్తకాల్లో అవి ఈ నెలవి. చెల్లింపుల కాలమ్‌లో చెక్కులకు అదే పద్ధతి: ముందు నెల లిస్టు తీసేసి ఈ నెల లిస్టు కలపండి. పుస్తకాల్లో ఎక్కని బ్యాంక్ చార్జీలు కూడా తీసేయండి.

చేసి అంకెలు పెట్టండి. తేడా ఏ కాలమ్‌లో ఉందో అదే చెబుతుంది.

పద్దు | మంగళవారం, ఉదయం 9:50

రాత్రి కూర్చుని చేశాను.

ప్రారంభం: బ్యాంక్ 7,61,900. పడని జమలు 26,500 కలిపి, చెక్కులు 1,42,300 తీస్తే 6,46,100. పుస్తకాల్లో ఇప్పుడు 6,64,060. పుస్తకాల్లో 17,960 ఎక్కువ.

జమలు: బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో 14,38,250. ముందు నెల 26,500 తీసి, ఈ నెల 38,200 కలిపితే 14,49,950. పుస్తకాల్లో 14,44,670. పుస్తకాల్లో 5,280 తక్కువ.

చెల్లింపులు: బ్యాంక్ 12,12,850. ముందు నెల చెక్కులు 1,42,300 తీసి, ఈ నెల 1,96,450 కలిపి, చార్జీలు 885 తీస్తే 12,66,115. పుస్తకాల్లో కూడా 12,66,115. సరిగ్గా సమానం!

17,960 లోంచి 5,280 పోతే 12,680. నిజంగానే సరిపోయింది. నాలుగు వందల చెల్లింపులు చూడక్కర్లేదన్నమాట, అసలు తప్పు అటు వైపే లేదు. మూడు రోజులు అక్కడే వెతికాను.

నిదానం | మంగళవారం, ఉదయం 10:15

బాగా చేశారు. జమల వైపు బ్యాంక్ లెక్క 5,280 ఎక్కువ వచ్చింది. ఆ లెక్కలో మీ చేత్తో పెట్టిన అంకెలు రెండే: 26,500, 38,200. 26,500 ముందు నెల కలిసిన కాగితంలోది కాబట్టి, ముందు 38,200 లిస్టు తీయండి. అందులో 5,280 ఉందా? ఉంటే, అది బ్యాంకులో ఎప్పుడు పడిందో ఫీడ్‌లో కాకుండా స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో చూడండి.

చెల్లింపుల కాలమ్ సమానం వచ్చింది కదా అని అక్కడ ఏ తప్పూ లేదని మాత్రం రాసుకోకండి. ఒకే కాలమ్‌లో రెండు తప్పులు ఎదురెదురుగా ఉంటే ఈ కాగితానికీ తెలియదు.

తొమ్మిదోఎక్కం | మంగళవారం, ఉదయం 10:32

నిన్న నేను చెప్పింది సరికాదని ఒప్పుకుంటున్నాను. తప్పు ఒక్కటే ఉన్నప్పుడు నా పద్ధతి చాలాసార్లు పనిచేసింది, అందుకే అన్నింటికీ పనిచేస్తుందనుకున్నాను. ఆ 6,340 తిప్పేసి ఉంటే నా వల్ల ఇంకో తప్పు చేరేది. ఇకమీదట ముందు దిశ, తర్వాతే అంకె.

ఇప్పుడు కాలమ్‌ల వారీగా తేడా తేలాక, ఒక్కో కాలమ్ తేడా మీద 9 పరీక్ష, సగం పరీక్ష వాడితే తప్పులేదు కదా?

నిదానం | మంగళవారం, ఉదయం 10:40

తప్పులేదండి, అక్కడే దానికి బలం. ఒక కాలమ్‌లో తేడా దాదాపు ఒక్క తప్పుదే అయి ఉంటుంది కాబట్టి.

కొత్తచెక్కు | మంగళవారం, ఉదయం 11:25

ఒకే కాలమ్‌లో ఎదురెదురు తప్పులన్నారు కదా, మాకు అదే జరిగింది, రాయాలనిపించింది. ఒక కస్టమర్ ఇచ్చిన 9,600 చెక్కు బౌన్స్ అయింది. బ్యాంక్ 9,600 వెనక్కి తీసుకుంది. ఫీడ్‌లో ఆ లైను చెల్లింపు వైపు వచ్చింది. మేం అదే నెలలో ఒక సప్లయర్‌కు 9,600 చెక్కు ఇచ్చి ఉన్నాం, అది ఇంకా బ్యాంకుకు రాలేదు. సాఫ్ట్‌వేర్ అంకె ఒకటే కదా అని బౌన్స్ లైనును ఆ సప్లయర్ చెక్కుకు మ్యాచ్ చేసి పచ్చ టిక్కు పెట్టేసింది.

రీకన్సిలియేషన్ తేడా సున్నా. అంతా కలిసింది. కానీ నిజానికి బౌన్స్ పుస్తకాల్లో ఎక్కలేదు, కస్టమర్ కట్టేశాడనే ఉంది. సప్లయర్ చెక్కు క్లియర్ అయిందనే ఉంది, అసలు అవ్వలేదు. రెండు వైపులా 9,600 ఎక్కువే కాబట్టి తేడా రాలేదు. తర్వాతి నెల అసలు చెక్కు బ్యాంకుకు వచ్చినప్పుడు మ్యాచ్ లేని లైను ఒకటి తేలింది, అప్పుడు తెలిసింది. అప్పటికి కస్టమర్‌కు ఇంకో సరుకు పంపేశాం.

అప్పట్నుంచి చెక్కు లైన్లను అంకెతో కాక చెక్కు నంబరుతో మాత్రమే మ్యాచ్ చేయిస్తున్నాను. నంబరు లేకుండా వచ్చిన లైన్లు చేత్తో చూస్తాను. నెలకు ఏడెనిమిది ఉంటాయంతే.

పద్దు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

రెండూ దొరికాయి! వివరంగా రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

మొదట 5,280. నా 38,200 లిస్టులో ఒక కస్టమర్ పంపిన 5,280 ఉంది. ఫీడ్‌లో అది ఒకటో తేదీన పడినట్టుంది. అందుకే 31కి దారిలో ఉందని లిస్టులో చేర్చాను. స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తీస్తే అదే జమ 31వ తేదీన ఉంది! అంటే 9,87,300 లో అది ఇప్పటికే ఉంది, నేను మళ్లీ కలిపాను. నిదానం గారు చెప్పిన SUMIFS చేసినప్పుడు కూడా ఫీడ్ జమలు 14,32,970 వచ్చాయి, స్టేట్‌మెంట్ కన్నా సరిగ్గా 5,280 తక్కువ. అసలు ఆ పని మొదటి రోజే చేసి ఉంటే ఇది ఐదు నిమిషాల్లో దొరికేది. దారిలో ఉన్న జమలు ఇప్పుడు 32,920.

ఇక 17,960. సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ లాగ్ తీశాను. ముందు నెల 24న ఒక సప్లయర్‌కు ఇచ్చిన 17,960 చెక్కును మా సహోద్యోగి ఒకరు ఈ కొత్త నెల 3వ తేదీన రద్దు చేశారు. చెక్కు అందలేదని సప్లయర్ ఫోన్ చేశారట. సాఫ్ట్‌వేర్ రద్దును పాత తేదీకే, అంటే ముందు నెల 24కే వేసేసింది. అందుకే క్లోజ్ అయిన నెల నిల్వ పెరిగింది. నా ఎక్సెల్ లిస్టులో మాత్రం ఆ చెక్కు అలాగే ఉంది, ఎవరూ నాకు చెప్పలేదు. రెండు నెలల లిస్టుల్లోనూ ఆ చెక్కు ఉంది కాబట్టే చెల్లింపుల కాలమ్ కలిసిపోయింది.

ఇప్పుడు ఏం చేయాలి? లిస్టులోంచి చెక్కు కొట్టేస్తే 1,78,490 అవుతుంది. 9,87,300కి 32,920 కలిపి 1,78,490 తీస్తే 8,41,730. పుస్తకాల అంకె అదే. కలిసిపోయింది!

గల్లాపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 2:40

శభాష్. సస్పెన్స్‌లో పెట్టమన్నాను కానీ మీరు పట్టుకున్నారు, సంతోషం. కొట్టేయండి, క్లోజ్ చేయండి.

నిదానం | మంగళవారం, సాయంత్రం 3:05

పద్దు గారూ, ఒక్క నిమిషం. కలవడం ఒకటి, సరిగ్గా ఉండటం ఒకటి.

రద్దు చేసింది కొత్త నెల 3న. 31వ తేదీ రాత్రికి ఆ చెక్కు బతికే ఉంది. సప్లయర్ చేతిలోనో దారిలోనో ఉండి ఎవరైనా బ్యాంకులో వేస్తే డబ్బు పోయేది. కాబట్టి 31కి అది క్లియర్ కాని చెక్కే, మీ లిస్టే సరైనది. తప్పు పుస్తకాల్లో ఉంది. పాత తేదీ రద్దును వెనక్కి తీసుకుని, 3వ తేదీతో కొత్తగా రద్దు ఎంట్రీ వేయండి. అప్పుడు ముందు నెల నిల్వ మళ్లీ 6,46,100కి వస్తుంది. 31న పుస్తకాలు 8,24,655, చార్జీలు పోతే 8,23,770. బ్యాంక్ వైపు 9,87,300కి 32,920 కలిపి 1,96,450 తీస్తే అదే 8,23,770. ఇదీ కలుస్తుంది, కానీ ఇది 31న నిజంగా ఉన్న పరిస్థితి.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. పుస్తకాల్లో రద్దు చేశారు సరే, బ్యాంకులో స్టాప్ పేమెంట్ ఇచ్చారా? పుస్తకాల్లో రద్దు బ్యాంకుకు తెలియదు. ఆ చెక్కుకు బదులు సప్లయర్‌కు డబ్బు ఆన్‌లైన్‌లో పంపి ఉంటే, ఆ పాత చెక్కు ఎవరైనా వేస్తే రెండుసార్లు కట్టినట్టవుతుంది. ఈ రోజే కనుక్కోండి.

గల్లాపెట్టె | మంగళవారం, సాయంత్రం 3:30

స్టాప్ పేమెంట్ గురించి మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ తేదీ విషయంలో కాదు. పాత తేదీ ఎంట్రీని వెనక్కి తీయాలంటే క్లోజ్ చేసిన నెలను మళ్లీ తెరవాలి. మా ఆఫీసులో అది మేనేజర్ అనుమతి లేకుండా కుదరదు, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మారుతుంది. ముందు నెల 24నే వేసేశారు, జరిగిపోయింది. కింద నోట్ రాసి ముందుకెళ్లడం నాకు సబబు.

నిదానం | మంగళవారం, సాయంత్రం 3:52

తెరవడం ప్రమాదమని మీరన్నది నిజమే. కానీ ముందు నెల నివేదిక 6,46,100తో బయటికి వెళ్లిపోయింది. ఇప్పుడు పుస్తకాలు 6,64,060 చూపిస్తున్నాయి. ఎవరైనా రెండూ పక్కపక్కన పెడితే జవాబు చెప్పుకోవాల్సింది పద్దు గారే. నేనైతే అనుమతి తీసుకుని, ఆ ఒక్క ఎంట్రీ కోసం తెరిచి, సరిచేసి, వెంటనే లాక్ పెడతాను. తెరవడానికి ముందు, మూసేశాక ట్రయల్ బ్యాలెన్స్ ప్రింట్ తీసి పెట్టుకుంటే ఇంకేమీ మారలేదని తెలుస్తుంది.

గల్లాపెట్టె | మంగళవారం, సాయంత్రం 4:05

ఆ రెండు ప్రింట్ల మాట బాగుంది. అయినా నా అభిప్రాయం మారలేదు.

వసూళ్లు | మంగళవారం, సాయంత్రం 4:40

నిన్న ప్రశ్న సరిగ్గా చదవకుండా రాశాను, క్షమించండి. ఒక సందేహం. రద్దు చేసిన 17,960 మళ్లీ ఎక్కడికి వెళ్తుంది? మా దగ్గర ఒకసారి ఎవరూ తీసుకోని చెక్కుల మొత్తాన్ని ఇతర ఆదాయంలో చూపించారు.

నిదానం | మంగళవారం, సాయంత్రం 5:10

సప్లయర్ సరుకు ఇచ్చాడు, డబ్బు అందలేదు. అంటే మీరు ఇంకా బాకీ ఉన్నారు. రద్దు చేస్తే బ్యాంక్ నిల్వ పెరుగుతుంది, సప్లయర్ ఖాతాలో బాకీ తిరిగి నిలబడుతుంది. చెక్కు రద్దయినంత మాత్రాన ఆదాయం పుట్టదు. ఏళ్ల తరబడి ఎవరూ అడగని మొత్తాలను ఏం చేయాలనేది ఆయా చోట్ల చట్టాన్ని బట్టి ఉంటుంది, అది మీ ఆడిటర్‌ను అడగండి.

పద్దు | బుధవారం, ఉదయం 11:20

నిన్న సాయంత్రం బ్యాంకుకు అడిగితే స్టాప్ పేమెంట్ ఎవరూ ఇవ్వలేదు. రద్దు చేసిన సహోద్యోగికి సాఫ్ట్‌వేర్‌లో నొక్కితే చాలనిపించిందట. చెక్కుకు బదులు సప్లయర్‌కు డబ్బు 4న పంపడానికి సిద్ధం చేసి ఉంచారు, అదృష్టం కొద్దీ ఇంకా వెళ్లలేదు. వెంటనే స్టాప్‌కు రాసిచ్చాను. బ్యాంక్ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ ఆన్‌లైన్ చెల్లింపు ఆపి ఉంచాం. చెక్కు ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు. సప్లయర్ అందలేదంటున్నారు, మా వైపు పంపినట్టు సంతకం ఉంది.

నెల తెరవడం గురించి మేనేజర్‌ను అడిగాను. ఇద్దరి వాదనా చూపించాను. ఆయన ఇంకా తేల్చలేదు, ఆడిటర్‌తో మాట్లాడి చెబుతానన్నారు. అప్పటిదాకా రీకన్సిలియేషన్ కాగితం 8,23,770తో ఒకటి, కింద 17,960 వివరం రాసి పెట్టాను.

కొత్తచెక్కు గారు చెప్పిన తర్వాత ఈ నెల చెక్కు మ్యాచ్‌లన్నీ నంబరుతో చూశాను. మూడు అంకెతోనే మ్యాచ్ అయ్యాయి, కానీ మూడూ సరైనవే.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. ఫీడ్‌లో ఒకటో తేదీ, స్టేట్‌మెంట్‌లో 31 ఎందుకొచ్చాయి? జమ రాత్రి 11 దాటాక పడింది.

కొత్తచెక్కు | బుధవారం, మధ్యాహ్నం 12:05

మాకూ రాత్రిపూట పడిన వాటికే ఇలా వస్తుంది. ఫీడ్‌లో ఒక్కో లైనుకు రెండు తేదీలుంటాయి కొన్నిసార్లు, లావాదేవీ జరిగిన తేదీ, బ్యాంక్ ఖాతాలో వేసిన తేదీ. మీ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకుంటోందో సెట్టింగ్స్‌లో ఉందేమో చూడండి. మా దాంట్లో మార్చే వీలు లేదు. అందుకే ప్రతి నెలా చివరి రెండు రోజులు, తర్వాతి నెల మొదటి రెండు రోజుల లైన్లను పీడీఎఫ్ పక్కన పెట్టి చూస్తాను.

పద్దు | బుధవారం, మధ్యాహ్నం 12:30

చూశాను, మా దాంట్లో ఒక్క తేదీనే వస్తోంది. ఏ తేదీనో ఎక్కడా రాయలేదు. ఫీడ్ ఇచ్చేవాళ్లకు మెయిల్ పెట్టాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.